వడ్డీలో కోత పడకముందే పెట్టాల్సిన సంతకం

ఆర్థిక సంవత్సరం మొదలవగానే అరవై దాటిన ఖాతాదారుల ఫోన్లకు బ్యాంకుల నుంచి ఒక మెసేజ్ వస్తుంది. మీ డిపాజిట్ల వడ్డీ మీద టీడీఎస్ పడకుండా ఉండాలంటే, మీకు అర్హత ఉంటే, ఫారం 15హెచ్ ఇవ్వండి అని దాని సారాంశం. దాన్ని చూసి కొందరు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల నోటీసేమో అనుకుని కంగారు పడతారు. మరికొందరు ఏటా చేసే పనే కదా అని కౌంటర్లో ఇచ్చిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టి వస్తారు. "మీరు సంతకం పెట్టండి చాలు సార్, మిగతాది మేం నింపుకుంటాం" అనే సిబ్బందీ ఉంటారు.

ఈ ఫారం పన్ను మినహాయింపు ఇచ్చే కాగితం కాదు. "ఈ ఏడాది నా మొత్తం ఆదాయం లెక్క వేసుకున్నాను, నా మీద పన్ను పడదు, కాబట్టి నా వడ్డీలో కోయకండి" అని మీరు రాసిచ్చే ప్రకటన. లెక్క వేయాల్సింది మీరు. తప్పుగా ప్రకటిస్తే జవాబు చెప్పాల్సిందీ మీరే. అందుకే సంతకానికి ముందు పది నిమిషాలు కూర్చుని ఆ లెక్క ఏమిటో చూసుకోవాలి.

ముందుగా ఒక మాట. ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, సెక్షన్ల నంబర్లు 1961 నాటి చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. అందుకని ఇంట్లో మిగిలిన పాత ఫారం వాడకుండా, ఆ ఏడాదికి చెల్లే ఫారం ఏదో బ్యాంకులో అడిగి తీసుకోవాలి.

బ్యాంకు ఎందుకు కోస్తుంది

ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ ఒక హద్దు దాటితే, అందులో కొంత పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలని బ్యాంకులకు చట్టం చెబుతోంది. ఇది 194ఏ సెక్షన్. అరవై నిండినవారికి ఆ హద్దు ఏడాదికి లక్ష రూపాయలు. 2025 మార్చి దాకా అది 50 వేలే ఉండేది. అరవై లోపువారికి ఇప్పుడు 50 వేలు. హద్దు దాటితే పదిశాతం పట్టుకుంటారు. బ్యాంకులో పాన్ నంబరు లేకపోతే ఇరవై శాతం. ఆధార్‌తో జతచేయక పాన్ పనిచేయకుండా పోయినా అదే ఇరవై శాతం పడుతుంది. ఎనభై నిండినవారికి ఆధార్ జత చేసే నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

హద్దు దాటిన భాగం మీదే కోత ఉంటుందని చాలామంది అనుకుంటారు. కోత మొత్తం వడ్డీ మీద పడుతుంది. ఏడాది వడ్డీ 99 వేలయితే రూపాయి కూడా పట్టుకోరు. అదే లక్షా ఐదు వేలయితే పట్టుకునేది పైనున్న ఐదు వేల మీద ఐదొందలు కాదు, పదివేల ఐదొందలు.

ఈ హద్దును ఒక్కో బ్యాంకుకు విడిగా చూస్తారు. ఒకే బ్యాంకులో రెండు ఊళ్ల బ్రాంచీల్లో డిపాజిట్లుంటే రెండూ కలుస్తాయి. కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్న బ్యాంకుల్లో 2015 జూన్ నుంచి నిబంధన ఇదే. రికరింగ్ డిపాజిట్ల వడ్డీ కూడా అప్పటినుంచే ఇందులో చేరింది. సేవింగ్స్ ఖాతా వడ్డీ మీద మాత్రం టీడీఎస్ లేదు. అలాగని అది ఆదాయం కాకుండా పోదు, మీ మొత్తం లెక్కలో చేరాల్సిందే.

వడ్డీని చేతికి తీసుకోకుండా అసలులోనే కలుపుకుంటూ పోయే క్యుములేటివ్ డిపాజిట్లున్న వాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. ఐదేళ్ల తర్వాతే కదా డబ్బు చేతికొచ్చేది, ఇప్పుడు పన్నేమిటి అనుకుంటారు. బ్యాంకు మాత్రం ఏ ఏడు పెరిగిన వడ్డీని ఆ ఏడే మీ పేరున రాస్తుంది, హద్దు దాటితే ఆ ఏడే పట్టుకుంటుంది. అందుకే ఏప్రిల్‌లో వేసే లెక్కలో చేతికి రాని వడ్డీని కూడా రాసుకోవాలి.

ఇంత చేసినా బ్యాంకుకు తెలిసేది తన దగ్గరున్న వడ్డీ ఒక్కటే. మీ పెన్షన్ ఎంత, ఇంకో బ్యాంకులో ఏముంది, ఇంటి అద్దె వస్తుందా, మొత్తం మీద పన్ను పడుతుందా పడదా అన్నవి దానికి తెలియవు. తెలియదు కాబట్టే హద్దు దాటగానే కోస్తుంది. ఆ తెలియని సంగతిని మీరు రాతపూర్వకంగా చెబితే ఆపుతుంది.

ఎవరు రాసివ్వవచ్చు

15హెచ్ ఇవ్వాలంటే మూడు షరతులున్నాయి. ఆ ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా అరవై ఏళ్లు నిండాలి. ఫిబ్రవరిలో అరవై నిండేవారు కూడా ఆ ఏడాదికి అర్హులే. చట్టం దృష్టిలో భారతదేశంలో నివాసి అయి ఉండాలి. ఏడాది మొత్తం అంచనా ఆదాయం మీద పన్ను సున్నా కావాలి.

మూడో షరతులో 2019లో ఒక స్పష్టత వచ్చింది. శ్లాబుల ప్రకారం కొంత పన్ను లెక్క తేలినా, 87ఏ సెక్షన్ కింద ఇచ్చే రిబేటుతో అది పూర్తిగా చెరిగిపోతే 15హెచ్ తీసుకోవాలని నిబంధనల్లో చేర్చారు. పెన్షనర్లకు ఇదే అసలు మేలు. 2025-26లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల దాకా ఆదాయం మీద పడే మామూలు పన్ను ఈ రిబేటుతో సున్నా అవుతుంది. పెన్షన్‌లో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక చూసే అంకె అది.

ఇంట్లో ఇల్లాలికి యాభై ఎనిమిదేళ్లే ఉంటే ఆమెకు 15హెచ్ పనికిరాదు, 15జీ ఇవ్వాలి. దానికి అదనంగా ఒక షరతుంది. పన్ను సున్నా కావడంతో పాటు, ఏడాదిలో టీడీఎస్ పడే వడ్డీ లాంటి ఆదాయాల మొత్తం ప్రాథమిక మినహాయింపు పరిమితిని, అంటే కొత్త విధానంలో 4 లక్షలను, దాటకూడదు. 15హెచ్‌కు ఈ షరతు లేదు.

ఒక టీచరుగారి లెక్క

ఉదాహరణకు తెనాలి దగ్గర ఒక రిటైర్డ్ టీచరుగారు ఉన్నారనుకుందాం. వయసు 67. పెన్షన్ నెలకు 42 వేలు, అంటే ఏడాదికి 5,04,000. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును మూడు చోట్ల పెట్టుకున్నారు. మొదటి బ్యాంకులో 14 లక్షలు ఏడున్నర శాతానికి, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకునేలా వేశారు. ఏడాదికి 1,05,000 వస్తుంది. రెండో బ్యాంకులో అదే వడ్డీకి 8 లక్షలు, ఏడాదికి 60 వేలు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు, 8.2 శాతం చొప్పున 1,23,000. సేవింగ్స్ ఖాతాల మీద మరో 6 వేలు. వడ్డీలన్నీ కలిపితే 2,94,000.

కొత్త విధానంలో చూద్దాం. పెన్షన్‌లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 4,29,000. దానికి వడ్డీ కలిపితే మొత్తం ఆదాయం 7,23,000. మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. మిగిలిన 3,23,000 మీద ఐదు శాతం, అంటే 16,150. ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేటు ఆ 16,150ను పూర్తిగా కొట్టేస్తుంది. పన్ను సున్నా. టీచరుగారు నిశ్చింతగా 15హెచ్ ఇవ్వవచ్చు.

ఇవ్వకపోతే ఏమవుతుంది? మొదటి బ్యాంకు ఏడాదంతా కలిపి 10,500, పోస్టాఫీసు 12,300 పట్టుకుంటాయి. రెండో బ్యాంకు వడ్డీ లక్ష లోపే కాబట్టి అక్కడ కోత లేదు. మొత్తం 22,800 రూపాయలు. పన్నే పడని మనిషి వడ్డీ డబ్బు అంత ప్రభుత్వం దగ్గర చేరుతుంది. ఏడాది ముగిశాక రిటర్ను వేసి, రిఫండు వచ్చేదాకా ఆగి తెచ్చుకోవాలి. మూడు నెలలకోసారి వచ్చే వడ్డీతో మందులు కొనుక్కునే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు ఇదే మనిషి, ఇదే ఆదాయం పాత విధానంలో. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలే కాబట్టి పెన్షన్ 4,54,000గా లెక్కకొస్తుంది. వడ్డీతో కలిపి 7,48,000. పెద్దవాళ్ల డిపాజిట్ వడ్డీకి 80టీటీబీ కింద ఉన్న 50 వేల మినహాయింపు పాత విధానంలోనే దొరుకుతుంది. అది తీసేస్తే 6,98,000. ఇక్కడ అరవై దాటినవారికి 3 లక్షల దాకా పన్ను లేదు. తర్వాతి 2 లక్షల మీద ఐదు శాతం చొప్పున 10 వేలు, మిగిలిన 1,98,000 మీద ఇరవై శాతం చొప్పున 39,600. మొత్తం 49,600, సెస్సుతో కలిపి 51,584. పాత విధానంలో రిబేటు 5 లక్షల ఆదాయం దాకానే కాబట్టి ఆయనకు అందదు.

అంటే పాత విధానంలో ఉంటానని నిర్ణయించుకున్న టీచరుగారు 15హెచ్ ఇస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది. ఆ విధానంలోనే ఉంటూ ఇవ్వాలంటే 80సీ కింద లక్షన్నర పొదుపు, 80డీ కింద 50 వేల ఆరోగ్య బీమా ప్రీమియం లాంటి మినహాయింపులు నిజంగా ఉండాలి. అవి రెండూ ఉంటే ఆదాయం 4,98,000కు దిగి పన్ను సున్నా అవుతుంది. చేయని పొదుపును చేసినట్టు ఊహించుకుని లెక్క వేయకూడదు.

ఫారం మీద సంతకం పెట్టే ముందు ఏ విధానంలో రిటర్ను వేస్తారో తేల్చుకోమనేది ఇందుకే. ఏమీ చెప్పకపోతే చట్టం మిమ్మల్ని కొత్త విధానంలో ఉన్నట్టే చూస్తుంది. ట్రెజరీలో గానీ, పెన్షన్ ఇచ్చే బ్యాంకులో గానీ పాత విధానం కావాలని రాసిచ్చి, ఇక్కడ కొత్త విధానం లెక్కతో 15హెచ్ ఇస్తే రెండు ప్రకటనలూ ఒకదానికొకటి పొసగవు.

ఫారంలో ఎక్కడ తడబడతారు

పేరు, పాన్, పుట్టినతేదీ, చిరునామా గడులు సులువే. పేరు పాన్ కార్డులో ఉన్నట్టే రాయాలి. పాన్ లేని ప్రకటన చెల్లదు.

"ప్రీవియస్ ఇయర్" అన్న గడిలో చాలామంది గడిచిపోయిన సంవత్సరం రాస్తారు. అక్కడ రాయాల్సింది ఏ సంవత్సరపు వడ్డీకి ప్రకటన ఇస్తున్నారో ఆ సంవత్సరం. 2025 ఏప్రిల్‌లో ఇచ్చే ఫారంలో 2025-26 అని ఉండాలి. 2024-25 అని రాస్తే ఆ కాగితం ముగిసిపోయిన ఏడాదికి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత రెండు అంకెలు పక్కపక్కనే అడుగుతారు. ఒకటి, ఈ ప్రకటన ఏ ఆదాయం కోసం ఇస్తున్నారో అది. రెండోది, ఆ ఏడాది మీ మొత్తం అంచనా ఆదాయం. మన టీచరుగారు మొదటి బ్యాంకులో ఇచ్చే ఫారంలో మొదటి అంకె 1,05,000, రెండో అంకె 7,23,000. రెండు గడుల్లోనూ 1,05,000 రాసేవాళ్లున్నారు. పెన్షన్ సంగతి బ్యాంకుకు ఎందుకులే అని దాచేవాళ్లూ ఉన్నారు. ఆ గడి అడిగేది మొత్తం ఆదాయాన్ని. పెన్షన్ లేకుండా రాస్తే ప్రకటన అబద్ధమవుతుంది. పైగా దాచి లాభం కూడా లేదు, ఎందుకంటే పెన్షన్ కలిపినా ఆయనకు పన్ను సున్నాయే.

ఆ ఏడాది ఇంతకుముందు మరోచోట ఇచ్చిన 15హెచ్ ఫారాలు ఎన్ని, వాటిలో చూపిన ఆదాయం ఎంత అని ఇంకో గడి ఉంటుంది. టీచరుగారు ముందు పోస్టాఫీసులో ఇచ్చి తర్వాత బ్యాంకుకు వస్తే ఇక్కడ ఒకటి అని, 1,23,000 అని రాయాలి. చివర్లో ఒక చిన్న పట్టిక. డిపాజిట్ నంబరు, ఆదాయం ఎలాంటిదో, సెక్షన్ 194ఏ, మొత్తం ఎంతో అందులో నింపాలి. మీ భాగం అంతవరకే. రెండో భాగం బ్యాంకు నింపుకుంటుంది.

ఒక్కో బ్యాంకుకు విడిగా ఇవ్వాలి, పోస్టాఫీసుకు విడిగా ఇవ్వాలి, ప్రతి ఏడూ కొత్తగా ఇవ్వాలి. పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కూ దీనికీ సంబంధం లేదు. అది ఇచ్చాం కదా అని ఇది మానేస్తే కోత పడుతుంది. ఇద్దరి పేరున ఉన్న డిపాజిట్లో వడ్డీని మొదటి పేరున్నవారి ఖాతాకే రాస్తారు కాబట్టి ఫారం కూడా వారే ఇవ్వాలి. భర్త పేరు ముందున్న డిపాజిట్‌కు భార్య ఇచ్చిన ఫారం పనిచేయదు.

ఏడాది మధ్యలో కొత్త డిపాజిట్ వేస్తే ఫారం మళ్లీ అడిగే బ్యాంకులున్నాయి. వేసేటప్పుడే కనుక్కోవడం మంచిది. టీచరుగారు అక్టోబరులో రెండో బ్యాంకులో ఇంకో పెద్ద డిపాజిట్ వేసి, అక్కడి ఏడాది వడ్డీ లక్ష దాటితే, ఏప్రిల్‌లో అవసరం లేని ఫారం అక్కడ కూడా అవసరమవుతుంది.

ఇచ్చాక చూసుకోవాల్సినవి

కౌంటర్లో కాగితం ఇచ్చి రావడంతో పని పూర్తయినట్టు కాదు. దాన్ని ఎవరో కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కిస్తే ఆ ఫారానికి ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది. అందులో 26 అక్షరాలు, అంకెలు ఉంటాయి. 15హెచ్ అయితే అది హెచ్ అక్షరంతో మొదలవుతుంది, ఆ వెనక తొమ్మిది అంకెలు, తర్వాత ఆర్థిక సంవత్సరం, చివర బ్యాంకు ట్యాన్ నంబరు. మూడు నెలలకోసారి బ్యాంకు ఈ ఫారాల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. కాబట్టి ముద్ర వేసిన నకలో, ఈ సంఖ్య ఉన్న రసీదో అడిగి తీసుకోండి. నెట్ బ్యాంకింగ్‌లో ఇస్తే ఆ రసీదు అక్కడే వస్తుంది.

నమోదైందో లేదో తెలుసుకోవడానికి తేలిక దారి మొదటి వడ్డీ జమే. మన టీచరుగారికి మొదటి బ్యాంకులో మూడు నెలలకు 26,250 రావాలి. జూన్ చివర పాస్‌బుక్కులో 26,250 పడితే ఫారం ఎక్కినట్టు. 23,625 పడిందంటే 2,625 టీడీఎస్‌గా పోయింది. అలాగే పోస్టాఫీసులో మూడు నెలల వడ్డీ 30,750 పూర్తిగా వచ్చిందా చూసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో మీ 26ఏఎస్ పత్రం తెరిస్తే కోసిన టీడీఎస్ ఒకచోట, 15హెచ్ ఇచ్చిన వడ్డీ ఇంకోచోట కనిపిస్తాయి.

కోత పడ్డాక బ్యాంకు దగ్గర గొడవపడినా సాధారణంగా డబ్బు వెనక్కి రాదు. పట్టుకున్న టీడీఎస్‌ను మరుసటి నెల ఏడో తేదీలోగా, మార్చి నెలదైతే ఏప్రిల్ 30లోగా ప్రభుత్వానికి కట్టేయాలి. కట్టేశాక అది మీ పాన్ మీద జమ అయిన పన్ను. రిటర్నులో చూపించి రిఫండు తీసుకోవడమే దారి. జూలైలో మేల్కొని ఫారం ఇచ్చినా ఉపయోగముంది. జూన్‌లో పోయింది పోయినట్టే గానీ, సెప్టెంబరు నుంచి వచ్చే వడ్డీ పూర్తిగా అందుతుంది.

ఎక్కడ సంతకం పెట్టకూడదు

పెన్షన్‌లోనే పన్ను పట్టుకుంటున్నారని 15హెచ్ ఇస్తామనేవారుంటారు. పెన్షన్‌ను చట్టం జీతంలా చూస్తుంది. దాని మీద టీడీఎస్ వేరే సెక్షన్ కింద వస్తుంది. ఈ ఫారం దానికి వర్తించదు.

మన ఇళ్లలో తరచుగా జరిగేది ఇంకొకటుంది. రిటైరైన భర్త తన గ్రాట్యుటీ డబ్బును భార్య పేరున డిపాజిట్ చేస్తారు. ఆమెకు వేరే ఆదాయం లేదు కాబట్టి ఆమె చేత 15హెచ్ పెట్టిస్తారు. భర్త ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఫారం కింద ఉన్న ధ్రువీకరణలో "ఈ ఆదాయం మరొకరి ఆదాయంలో చేరేది కాదు" అనే అర్థంలో ఒక మాట ఉంటుంది. ఆమె చదవకుండా సంతకం పెడితే తెలియకుండానే తప్పు ప్రకటించినట్టు. పుట్టింటి నుంచి వచ్చిన డబ్బో, ఆమె సొంత సంపాదనో అయితే ఆ ఇబ్బంది లేదు. భర్త ఇచ్చిన డబ్బయితే ఆ వడ్డీ భర్త లెక్కలో వేసుకున్నాకే పన్ను పడుతుందో లేదో చూడాలి.

స్థలం అమ్మిన ఏడాది ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభం మీద పడే పన్నుకు కొత్త విధానంలో రిబేటు లేదు. పెన్షన్, వడ్డీ కలిపి 12 లక్షల లోపే ఉన్నా ఆ లాభం వల్ల పన్ను తేలవచ్చు. రూపాయి పన్ను తేలినా 15హెచ్‌కు అర్హత పోతుంది. వ్యవసాయ ఆదాయం ఉన్నవాళ్లు కూడా దాన్ని విడిచిపెట్టి లెక్క వేయకూడదు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారికి నివాసి షరతు సందేహంగా ఉంటుంది. ఇక్కడే ఉంటూ ఏడాదిలో ఐదారు నెలలు పిల్లల దగ్గర గడిపి వచ్చేవారు సాధారణంగా భారత నివాసులుగానే ఉంటారు, ఫారం ఇవ్వవచ్చు. గ్రీన్‌కార్డుతో అక్కడే స్థిరపడి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లేవారి సంగతి వేరు. వాళ్ల ఖాతాలు ఎన్ఆర్ఓగా మారాలి. ఆ వడ్డీ మీద ముప్పై శాతం, దానిపైన సెస్సు పట్టుకుంటారు. వాళ్లు 15హెచ్ ఇవ్వడానికి వీల్లేదు.

అబద్ధమని తెలిసి ఇలాంటి ప్రకటన ఇస్తే 277 సెక్షన్ కింద శిక్ష ఉంది. ఎగవేయబోయిన పన్ను 25 లక్షల లోపు ఉంటే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు, జరిమానా. ఆ సెక్షన్ తెలిసి చెప్పిన అబద్ధాన్ని చూస్తుంది. ఏప్రిల్‌లో నిజాయతీగా వేసిన అంచనా డిసెంబరుకు మారిపోతే అది వేరే విషయం. అనుకోకుండా నవంబరులో స్థలం అమ్ముడుపోతే ఆ సంగతి బ్యాంకుకు రాసిచ్చి అక్కడినుంచి కోయమనవచ్చు. తేలిన పన్నును రిటర్ను వేసేటప్పుడు కట్టేయాలి. వ్యాపార ఆదాయం లేని, అరవై నిండిన నివాసులకు మధ్యలో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టే బాధ్యత లేదు.

రిటర్ను సంగతి

"15హెచ్ ఇచ్చేశాం, ఇక రిటర్ను అక్కర్లేదు" అన్నది బాగా వ్యాపించిన అపోహ. రిటర్ను వేయాలా వద్దా అన్నది పన్ను సున్నానా కాదా అన్నదాన్నిబట్టి ఉండదు. మొత్తం ఆదాయం ప్రాథమిక మినహాయింపును దాటిందా అన్నదాన్నిబట్టి ఉంటుంది. కొత్త విధానంలో ఆ పరిమితి 4 లక్షలు. టీచరుగారి ఆదాయం 7,23,000. ఆయనకు పన్ను సున్నా, 15హెచ్ సరైనదే, అయినా రిటర్ను తప్పనిసరి. ఆయన పన్ను సున్నా కావడానికి కారణమైన రిబేటును చూపించే చోటు కూడా ఆ రిటర్నే. గడువు దాటాక వేస్తే, ఆదాయం 5 లక్షలు మించినవారికి 5 వేల దాకా ఆలస్య రుసుము ఉంటుంది. కోత తప్పించుకున్న 22,800లో నాలుగో వంతుకు దగ్గరగా అలా పోగొట్టుకోవడం ఎందుకు?

డెబ్బై ఐదు దాటినవారికి 194పీ సెక్షన్ కింద ఒక వెసులుబాటు ఉంది. పెన్షన్, ఆ పెన్షన్ పడే బ్యాంకులోని వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకపోతే, నిర్ణీత బ్యాంకుకు 12బీబీఏ ఫారం ఇస్తే ఆ బ్యాంకే లెక్క వేసి, పన్నుంటే పట్టుకుంటుంది. అప్పుడు రిటర్ను అవసరం ఉండదు. మన టీచరుగారిలా మూడు చోట్ల డబ్బు పెట్టుకున్నవారికి, వయసు వచ్చినా, ఇది వర్తించదు.

కాబట్టి ఏప్రిల్‌లో చేయాల్సింది ఇంతే. ఒక తెల్లకాగితం మీద పెన్షన్, అన్ని డిపాజిట్ల వడ్డీ, సేవింగ్స్ వడ్డీ, అద్దె, ఇంకేమైనా ఉంటే అవీ వరుసగా రాయండి. మీరు ఎంచుకున్న విధానంలో పన్ను వేసి చూడండి. సున్నా వస్తే వడ్డీ లక్ష దాటే ప్రతి చోటా ఫారం ఇవ్వండి. సున్నా రాకపోతే ఇవ్వకండి, కోసిన టీడీఎస్ మీరు కట్టాల్సిన పన్నులోనే తగ్గుతుంది. ఆ తెల్లకాగితాన్ని ఫారం నకలుతో కలిపి దాచుకోండి. మరుసటి జూలైలో రిటర్ను వేసేటప్పుడు సగం పని దానితోనే అయిపోతుంది. ఎప్పుడైనా శాఖ అడిగితే, ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడానికి మీ దగ్గర ఉండే ఆధారమూ అదే.